గ్యాస్ సంచి చెప్పిన సంగతి: నెల్లూరు జిల్లా సెల్ ప్లాంట్‌లో ఒక ఫార్మేషన్ కేసు

నెల్లూరు నుంచి ముత్తుకూరు వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న పైలట్ లైన్‌లో జరిగిన కేసు ఇది. అక్కడ 20 ఆంపియర్-అవర్ల, అంటే 20 ఏహెచ్ లిథియం బ్యాటరీ సెల్స్ తయారవుతాయి, మెత్తని సంచిలా ఉండే పౌచ్ సెల్స్. క్యాథోడ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ. ఆనోడ్ గ్రాఫైట్. నేను చూసేది ఫార్మేషన్, ఏజింగ్ విభాగాలు. సెల్ కట్టడం అయిపోయి, ఎలక్ట్రోలైట్ నింపాక దానికి మొదటిసారి ఛార్జ్ ఎక్కించడమే ఫార్మేషన్, అది మా దగ్గరే జరుగుతుంది.

నవంబర్‌లో, వానలు బాగా పడుతున్న రోజుల్లో, ఒక బ్యాచ్ ఫార్మేషన్ పూర్తి చేసుకుని వచ్చింది. స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. సామర్థ్యం సరిపోయింది, అంతర్గత నిరోధం సరిపోయింది, మొదటి సైకిల్ ఎఫిషియెన్సీ కూడా పరిమితి పైనే ఉంది. ఈ ఎఫిషియెన్సీ అంటే మొదటి డిశ్చార్జ్‌లో తిరిగొచ్చిన ఛార్జ్‌ని మొదటి ఛార్జ్‌లో పెట్టినదానితో భాగిస్తే వచ్చే శాతం. మా సెల్స్‌లో మామూలుగా 22.6 ఏహెచ్ లోపలికి వెళ్లి 20.3 ఏహెచ్ తిరిగొస్తుంది, అంటే 89.8 శాతం. ఈ బ్యాచ్‌లో కొన్ని సెల్స్ 89.4 దగ్గర ఉన్నాయి. రిజెక్ట్ పరిమితి 88.5. ఆ లెక్కన ఈ బ్యాచ్‌ని ఆపాల్సిన పని లేదు.

ఆపింది మా ఫార్మేషన్ ఆపరేటర్, కోవూరు అమ్మాయి. ట్రేలు దించుతూ పిలిచింది. "సార్, ఈ సంచులు ఒకసారి చూడండి. కొన్ని మామూలుగానే ఉండాయి, కొన్ని మాత్రం బాగా ఉబ్బి ఉండాయి. ఒకే ట్రేలోవే సార్ అన్నీ."

పౌచ్ సెల్‌కి ఒక పక్క ఖాళీ సంచి వదులుతాం. మొదటి ఛార్జ్‌లో పుట్టే గ్యాస్ అందులోకి చేరుతుంది. మొదటి సైకిల్ అయ్యాక వ్యాక్యూమ్ ఛాంబర్‌లో ఆ సంచిని పొడిచి, గ్యాస్ లాగేసి, సెల్ దగ్గర కొత్త సీల్ వేసి, సంచిని కోసి పారేస్తాం. దీన్నే డీగ్యాసింగ్ అంటారు. పారేసే సంచి కాబట్టి దాని సైజు ఎవరూ రాసుకోరు. ఆ అమ్మాయి రోజూ వందల సంచులు చూస్తుంది కాబట్టి తేడా కనిపెట్టగలిగింది. డీగ్యాసింగ్‌కి ముందు ఆ ట్రేలను పక్కన పెట్టించి, ఒక్కో సెల్‌ని నీళ్లలో వేలాడదీసి బరువు తూచాం. గాలిలో బరువుకీ నీళ్లలో బరువుకీ ఉన్న తేడాతో సెల్ ఘనపరిమాణం తెలుస్తుంది. అందులోంచి ఛార్జ్‌కి ముందటి ఘనపరిమాణం తీసేస్తే మిగిలేది గ్యాస్. మామూలు సెల్స్‌లో 60 మిల్లీలీటర్ల చుట్టుపక్కల వచ్చింది. ఉబ్బినవాటిలో 100 దాటింది.

ఎఫిషియెన్సీలో తేడా అర శాతం కూడా లేదు. గ్యాస్‌లో తేడా మాత్రం దాదాపు డెబ్బై శాతం. ఈ రెండూ ఒకే కారణం వల్ల ఎలా వస్తాయో తెలియాలంటే, మొదటి ఛార్జ్‌లో ఆనోడ్ మీద జరిగేదేమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

మొదటి ఛార్జ్‌లో ఏం జరుగుతుంది

కొత్త సెల్‌లో లిథియం అంతా క్యాథోడ్‌లోనే ఉంటుంది. గ్రాఫైట్ ఖాళీ. ఛార్జ్ పెట్టగానే క్యాథోడ్ నుంచి లిథియం అయాన్లు ఎలక్ట్రోలైట్ గుండా వచ్చి గ్రాఫైట్ పొరల మధ్య దూరాలి. అలా దూరడానికి గ్రాఫైట్ వోల్టేజ్, లిథియం లోహంతో పోల్చి చూస్తే, 0.2 వోల్ట్‌ల కంటే కిందికి దిగాలి. ఖాళీ గ్రాఫైట్ మాత్రం సుమారు 3 వోల్ట్‌ల దగ్గర మొదలవుతుంది. ఆ 3 నుంచి 0.2 దాకా దిగే దారిలోనే అసలు కథంతా ఉంది.

ఎలక్ట్రోలైట్‌లో ముఖ్యమైన ద్రావకం ఇథిలీన్ కార్బొనేట్. మేం ఈసీ అంటాం. గ్రాఫైట్ వోల్టేజ్ 0.8 దగ్గరికి దిగేసరికి ఈసీ గ్రాఫైట్ ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని విడిపోవడం మొదలుపెడుతుంది. అంటే లిథియం గ్రాఫైట్‌లోకి దూరే వోల్టేజ్ కంటే చాలా పైనే ఎలక్ట్రోలైట్ పాడైపోతుంది. రసాయన శాస్త్రం ప్రకారం చూస్తే గ్రాఫైట్ ఆనోడ్, ఈసీ ఎలక్ట్రోలైట్ ఒకే సెల్‌లో కలిసి బతకడమే కుదరదు. కుదురుతున్నదంటే కారణం, ఆ విడిపోవడంలో పుట్టే పదార్థాలు అక్కడే ఉపరితలానికి అంటుకుపోయి పొరగా ఏర్పడటం. లిథియం ఇథిలీన్ డైకార్బొనేట్, లిథియం కార్బొనేట్, లిథియం ఫ్లోరైడ్ లాంటివి ఆ పొరలో ఉంటాయి. ఈ పొర ఎలక్ట్రాన్లను దాటనివ్వదు, లిథియం అయాన్లను దాటనిస్తుంది. ఎలక్ట్రాన్ అందకపోతే ఈసీ ఇక విడిపోలేదు. అందుకే చర్య తనంతట తానే ఆగిపోతుంది. పొర మందం కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే.

ఈ పొర పేరు ఎస్‌ఈఐ, అంటే సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్. 1979లో ఇమాన్యుయెల్ పెలెడ్ ఈ పేరు పెట్టారు. గ్రాఫైట్ మీద ఈసీ ఉంటేనే నిలకడైన పొర వస్తుందని 1990లో కెనడాలో జెఫ్ డాన్ బృందం చూపించింది. ఈసీకి దగ్గరి చుట్టమైన ప్రొపిలీన్ కార్బొనేట్ వాడితే అలాంటి పొర నిలవదు, ద్రావకం లిథియంతో పాటు గ్రాఫైట్ పొరల్లోకి దూరి వాటిని పొలుసులుగా ఊడదీస్తుంది.

పొర కట్టడానికి ఊరికే ఏదీ రాదు. పొరలో చిక్కుకున్న ప్రతి లిథియం అయాన్ క్యాథోడ్ నుంచి వచ్చిందే, మళ్లీ వెనక్కి పోదు. మా సెల్‌లో మొదటి సైకిల్‌లో పోయే 2.3 ఏహెచ్‌లో దాదాపు అంతా ఇదే. కొన్ని క్యాథోడ్‌లలో మొదటి సైకిల్ నష్టం కొంత క్యాథోడ్ వైపు నుంచి కూడా వస్తుంది. ఎల్‌ఎఫ్‌పీలో అది బాగా తక్కువ. కాబట్టి ఎల్‌ఎఫ్‌పీ సెల్‌లో మొదటి సైకిల్ లెక్క చూస్తున్నామంటే ఆనోడ్ పొర లెక్క చూస్తున్నట్టే.

ఈసీ విడిపోయేటప్పుడు ఇథిలీన్ గ్యాస్ వస్తుంది. సంచిలో చేరే మామూలు గ్యాస్‌లో పెద్ద భాగం అదే. దాన్ని తగ్గించడానికి ఎలక్ట్రోలైట్‌లో కొద్దిగా వినైలీన్ కార్బొనేట్ కలుపుతారు, మాటల్లో వీసీ. ఇది ఈసీ కంటే ముందే విడిపోయి, దానిపని తాను సగం చేసిపెడుతుంది. ఆ పొర బాగా అతుక్కుంటుంది, గ్యాస్ తక్కువ వస్తుంది.

ఫార్మేషన్ మొదటి అడుగు నెమ్మదిగా ఎందుకు పెడతామో కూడా ఇక్కడే చెప్పాలి. మేం సి/20తో మొదలుపెడతాం, అంటే 20 ఏహెచ్ సెల్‌కి 1 ఆంపియర్. గ్యాస్ బుడగలకు రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య నుంచి జారి సంచిలోకి పోవడానికి టైమ్ దొరకాలి. అందుకే సెల్స్‌ని ప్లేట్ల మధ్య బిగించి ఒత్తిడిలో ఉంచుతాం కూడా. బుడగ ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ ఎలక్ట్రోలైట్ తగలదు, పొర కట్టదు, అక్కడికి రావలసిన కరెంట్ చుట్టుపక్కలకు ఎక్కువగా పోతుంది. ఈ మాట తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

అనుమానాలు

మొదట అనుమానం ఛార్జింగ్ ఛానెల్స్ మీదికి వెళ్లింది. ఏదైనా ఛానెల్ కరెంట్ తప్పుగా ఇస్తుంటే గ్యాస్ తేడా రావచ్చు. ఉబ్బిన సెల్స్ ఏయే ఛానెల్స్‌లో కూర్చున్నాయో చూస్తే ఏ వరుసా కనిపించలేదు. ఇది త్వరగానే వదిలేశాం.

రెండోది ఎలక్ట్రోలైట్. కొత్త డ్రమ్ము తెరిచి ఉంటారేమో, అందులో తేమ పట్టిందేమో అనుకున్నాం. కానీ అదే డ్రమ్ముతో నింపిన సెల్స్‌లో మామూలువీ ఉన్నాయి, ఉబ్బినవీ ఉన్నాయి. డ్రమ్ములో తడి ఉంటే అన్నిటికీ ఒకేలా తగలాలి.

మూడోది తడవడం చాలకపోవడం. ఎలక్ట్రోలైట్ నింపాక ఎలక్ట్రోడ్ రంధ్రాల్లోకి పూర్తిగా ఇంకడానికి 45 డిగ్రీల గదిలో ఒక రోజు నానబెడతాం. అది తక్కువైతే పొర అక్కడక్కడా కడుతుంది. అయితే అలాంటి సెల్స్‌లో అంతర్గత నిరోధం పెరగాలి. ఇక్కడ పెరగలేదు.

మిగిలింది ఎలక్ట్రోడ్‌లోనే ఉన్న తడి. కానీ డ్రై రూమ్ లాగ్‌లో, గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే డ్యూ పాయింట్ మైనస్ 40 డిగ్రీల కంటే ఎప్పుడూ పైకి రాలేదు. బయట వాన కురుస్తున్నా లోపలి గాలి ఎండాకాలం లాగే పొడిగా ఉంది. ఎలక్ట్రోడ్‌లలో తేమ చూసే కార్ల్ ఫిషర్ పరీక్ష నివేదికలు కూడా బాగున్నాయి. క్యాథోడ్‌లో 350 పీపీఎం, పరిమితి 500. మా క్వాలిటీ వాళ్లు, "తడి అనే మాటే లేదన్నా, పేపర్ మీద ఉంది కదా," అన్నారు. పేపర్ మీద ఉన్నది నిజమే.

కర్వ్‌లో కనిపించింది

అప్పుడు ఛార్జ్ డేటా దగ్గరికి తిరిగొచ్చాం. సైక్లర్ ప్రతి కొన్ని సెకన్లకీ వోల్టేజ్, ఛార్జ్ రాసిపెడుతుంది. వాటితో dQ/dV గీస్తే, ఏ వోల్టేజ్ దగ్గర ఎంత ఛార్జ్ ఏదో ఒక చర్యకు ఖర్చయిందో గడ్డల్లా కనిపిస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ క్యాథోడ్ సుమారు 3.4 వోల్ట్‌ల దగ్గర స్థిరంగా ఉంటుంది కాబట్టి చదవడం తేలిక. సెల్ వోల్టేజ్‌ని 3.4 లోంచి తీసేస్తే గ్రాఫైట్ ఎక్కడ ఉందో తెలిసిపోతుంది. ఈసీ 0.8 దగ్గర విడిపోతుంది, అంటే సెల్ వోల్టేజ్‌లో 2.6 చుట్టూ గడ్డ రావాలి. వీసీది దానికి కాస్త ముందు. ఈ రెండూ అన్ని సెల్స్‌లోనూ ఉన్నాయి.

ఉబ్బిన సెల్స్‌లో మాత్రం వాటికీ ముందు, 2 వోల్ట్‌ల చుట్టుపక్కల, ఇంకో చిన్న గడ్డ ఉంది. వీసీ కంటే కూడా తేలిగ్గా ఎలక్ట్రాన్ తీసుకునే పదార్థం ఏదో లోపల ఉందన్నమాట. కార్బొనేట్ ఎలక్ట్రోలైట్‌లో అలా ప్రవర్తించే మొదటి అనుమానితురాలు నీరు.

H2O + e⁻ → OH⁻ + ½ H2

అదనపు గడ్డ కింద ఉన్న ఛార్జ్ కలిపితే దాదాపు 0.1 ఏహెచ్ వచ్చింది. 1 ఆంపియర్ కరెంట్‌తో అంటే ఆరు నిమిషాలు. మామూలు సెల్ కంటే ఉబ్బిన సెల్ 2.4 వోల్ట్‌లు చేరడానికి ఆరు నిమిషాలు ఆలస్యమైంది, అంతే. గంటల తరబడి సాగే ఛార్జ్‌లో ఆరు నిమిషాలు ఎవరి కంటికి ఆనతాయి?

సంచిలో గ్యాస్‌ని సిరంజితో తీసి చెన్నైలో ఒక ల్యాబ్‌కి పంపాం. మామూలు సెల్ సంచిలో ఎక్కువ భాగం ఇథిలీన్. ఉబ్బిన సెల్ సంచిలో ఇథిలీన్ అంతే ఉంది, దాని పక్కన హైడ్రోజన్ చాలా ఎక్కువగా ఉంది. తడి అనేది ఖాయమైంది. ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇక ప్రశ్న.

సీరియల్ నంబర్ల వరుస

ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే అడుగు ఇది. గ్యాస్ కొలతల్ని ఛానెల్ ప్రకారమో ట్రే ప్రకారమో కాకుండా, సెల్ కట్టిన వరుస ప్రకారం, అంటే సీరియల్ నంబర్ ప్రకారం గీశాం. వెంటనే రంపపు పళ్లలాంటి బొమ్మ వచ్చింది. గ్యాస్ 60 దగ్గర మొదలై మెల్లగా పెరుగుతూ 100 దాటుతుంది, ఒక్కసారిగా మళ్లీ 60కి పడిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. పడిపోయిన ప్రతిచోటా అసెంబ్లీ రికార్డు చూస్తే అక్కడ కొత్త క్యాథోడ్ రీల్ ఎక్కించారు.

రీల్‌ని బయటి చుట్టు నుంచి విప్పుతూ వాడతారు. అంటే మొదటి సెల్స్ రీల్ బయటి చుట్ల నుంచి, చివరి సెల్స్ కోర్ దగ్గరి చుట్ల నుంచి వస్తాయి. తడి కోర్ దగ్గర ఉంది.

కార్ల్ ఫిషర్‌కి ముక్క ఎక్కడి నుంచి కోస్తున్నారో అడిగాం. ఎప్పుడూ రీల్ బయటి కొస నుంచే. ప్లాన్‌లో అలాగే రాసి ఉంది, అలాగే చేస్తున్నారు. లోపలి ముక్క కావాలంటే రీల్ అంతా విప్పాలి కదా. అసెంబ్లీలో ఒక రీల్ అయిపోవచ్చినప్పుడు కోర్ దగ్గర మిగిలిన చివరి మీటర్లు తీసుకుని డ్రై రూమ్ లోపలే పరీక్షకు పెట్టించాం. బయటి కొస 350 పీపీఎం. కోర్ దగ్గర 900.

ఇప్పుడు లెక్క సరిపోతుందో లేదో చూడాలి. సెల్‌లో క్యాథోడ్ కోటింగ్ బరువు సుమారు 150 గ్రాములు. 900లోంచి 350 తీసేస్తే 550 పీపీఎం అదనపు తడి, అంటే 82 మిల్లీగ్రాములు, అంటే 4.6 మిల్లీమోల్స్ నీరు. ఒక్కో నీటి అణువు ఒక్కో ఎలక్ట్రాన్ తీసుకుంటుంది. ఒక మోల్ ఎలక్ట్రాన్లంటే 26.8 ఏహెచ్. కాబట్టి అంతా హైడ్రోజన్‌గా మారితే 0.12 ఏహెచ్ ఖర్చు. ఇది మొదటి ఛార్జ్‌లో అర శాతం. హైడ్రోజన్ 2.3 మిల్లీమోల్స్, గది ఉష్ణోగ్రతలో 56 మిల్లీలీటర్లు. మాకు కనిపించింది 0.1 ఏహెచ్, 40 పైచిలుకు మిల్లీలీటర్ల గ్యాస్.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. చిటికెడు నీరు ఛార్జ్ లెక్కలో అర శాతమే కదిలిస్తుంది, గ్యాస్ లెక్కలో దాదాపు రెట్టింపు చేస్తుంది. తడిని పట్టుకోవడానికి ఎఫిషియెన్సీ మొద్దు సాధనం, గ్యాస్ పదునైన సాధనం.

లెక్కకీ కొలతకీ మధ్య మిగిలిన తేడా కూడా ముఖ్యమే. హైడ్రోజన్‌గా మారని నీరు ఎక్కడికి పోయింది? కొంత ఎలక్ట్రోలైట్‌లోని ఉప్పుతో కలుస్తుంది.

LiPF6 + H2O → LiF + POF3 + 2HF

HF ఆమ్లం ఎల్‌ఎఫ్‌పీ నుంచి కొద్దికొద్దిగా ఇనుమును కరిగిస్తుంది. ఆ ఇనుము ఎలక్ట్రోలైట్‌లో ప్రయాణించి ఆనోడ్ మీద పేరుకుంటుంది. ఎలక్ట్రాన్లను ఆపాల్సిన పొరలో లోహపు మచ్చలు పడితే పొర ఆపలేదు, ఎలక్ట్రోలైట్ మళ్లీ విడిపోతుంది, మళ్లీ లిథియం ఖర్చవుతుంది. ఇది ఫార్మేషన్ రోజున కనిపించే నష్టం కాదు, నెలల తరబడి జరిగేది.

రీల్ లోపల తడి ఎందుకు ఉండిపోయింది

క్యాథోడ్ రీల్స్‌ని కోటింగ్, రోలర్ల మధ్య నొక్కే క్యాలెండరింగ్ అయ్యాక వ్యాక్యూమ్ ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర 12 గంటలు ఆరబెట్టి డ్రై రూమ్‌లోకి పంపుతారు. క్యాలెండరింగ్ హాల్‌లో మాత్రం మామూలు ఏసీనే ఉంటుంది. వేసవిలో అక్కడ గాలి పొడిగా ఉండేది. నెల్లూరులో వానలు ఎక్కువగా పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. ఆ నెలల్లో, ఓవెన్ ఖాళీ అయ్యేదాకా రీల్స్ హాల్‌లో ఎదురుచూస్తున్నంతసేపూ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఎల్‌ఎఫ్‌పీ పొడి చాలా సన్నటి రేణువులతో ఉంటుంది, ఉపరితలం ఎక్కువ, తేమను త్వరగా పట్టుకుంటుంది. చెప్పాలంటే ఓవెన్‌లోకి వెళ్లేటప్పటికే రీల్స్ వేసవి కంటే ఎక్కువ తడితో ఉన్నాయి, ఆరబెట్టే పద్ధతి మాత్రం వేసవిలో ఖరారు చేసినదే.

అయినా 12 గంటలు 110 డిగ్రీలు చాలవా? ఓవెన్ గోడ 110 చూపిస్తుంది. ఒక పాత రీల్ కోర్‌లో థర్మోకపుల్ పెట్టి చూస్తే, కోర్ 100 దాటేసరికే ఏడు గంటలు పట్టింది. వ్యాక్యూమ్‌లో వేడిని మోసే గాలి ఉండదు. గోడ నుంచి వచ్చే రేడియేషనూ, షెల్ఫ్ తగిలిన చోట నుంచి వచ్చే వేడీ మాత్రమే దిక్కు. పైగా లోపల ఆవిరైన నీరు, బిగుతుగా చుట్టిన చుట్ల సందుల్లోంచి రీల్ అంచుల దాకా పాకి బయటికి రావాలి. తడి చీరను మడత విప్పకుండా తీగ మీద వేస్తే పై మడత ఎండి లోపలి మడత చెమ్మగా ఉండిపోయినట్టు, బయటి చుట్లు ఆరి కోర్ తడిగా మిగిలింది. బయటి మడతే తాకి చూసి ఎండిందని తీసుకున్నాం.

మార్పులు ఓవెన్ దగ్గర నుంచే మొదలుపెట్టాం. ముందు వ్యాక్యూమ్ పెట్టకుండా పొడి నైట్రోజన్ నింపి వేడి చేయడం, కోర్ వేడెక్కాక వ్యాక్యూమ్, మళ్లీ కాసేపు వేడి నైట్రోజన్, మళ్లీ వ్యాక్యూమ్. నైట్రోజన్ వేడిని లోపలికి మోస్తుంది, వ్యాక్యూమ్ ఆవిరిని బయటికి లాగుతుంది. మొత్తం టైమ్ 20 గంటలకు పెరిగింది, దానికి ప్రొడక్షన్ వాళ్లు ఒప్పుకోవడానికి థర్మోకపుల్ గ్రాఫ్ చూపించాల్సి వచ్చింది. రీల్ పొడవు సగానికి తగ్గించాం. అసెంబ్లీలో రీల్ మార్పులు రెట్టింపయ్యాయి, అది నిజంగానే ఇబ్బంది. కానీ చుట్లు తగ్గితే కోర్ త్వరగా వేడెక్కుతుంది, ఆవిరి దారి కూడా తేలికవుతుంది. క్యాలెండరింగ్ అయిన రీల్‌ని వెంటనే అల్యూమినియం సంచిలో సీల్ చేసి ఉంచడం, కార్ల్ ఫిషర్ ముక్కను ప్రతి బ్యాచ్‌లోనూ కోర్ నుంచి కూడా తీయడం తర్వాత వచ్చాయి. ఆ తర్వాత కోర్ దగ్గర కూడా 400 పీపీఎం లోపే వచ్చింది, సంచులు అన్నీ ఒకే సైజుకి దిగాయి.

ఫార్మేషన్ వైపు నేను చేర్చిన కాపలా ఒక్కటే. ప్రతి సెల్ 2.4 వోల్ట్‌లు చేరడానికి ఎంత టైమ్ పట్టిందో సైక్లర్ సాఫ్ట్‌వేర్ చూస్తుంది. తన బ్యాచ్ సగటు కంటే మూడు నిమిషాలు ఎక్కువైతే జెండా పెడుతుంది. దీనికి కొత్త పరికరం ఏదీ అక్కరలేదు, డేటా ఎప్పుడూ అక్కడే ఉంది. గ్యాస్‌లో ఎక్కువ భాగం పుట్టకముందే, ఛార్జ్ మొదటి అరగంటలోనే, తడి సంగతి తెలుస్తుంది. దీనికి ఒక హద్దు కూడా ఉంది. బ్యాచ్ మొత్తం ఒకేలా తడిగా ఉంటే సగటే జరిగిపోతుంది, జెండా లేవదు. అందుకని కోర్ ముక్క పరీక్షను ఇది భర్తీ చేయదు.

ఆ సెల్స్ సంగతి

అందరూ అడిగిన ప్రశ్న: ఉబ్బిన సెల్స్‌కి గ్యాస్ తీసేసి మళ్లీ ఒకసారి ఫార్మేషన్ చేస్తే సరిపోదా? సరిపోదు. పొర ఒక్కసారే కడుతుంది. రెండోసారి ఛార్జ్ పెట్టేటప్పటికి ఆనోడ్ మీద పొర అప్పటికే ఉంటుంది, దాన్ని విప్పి మళ్లీ కట్టలేం. నీటి నుంచి పుట్టిన హైడ్రాక్సైడ్, ఆమ్లం తెచ్చిన ఇనుము అందులో కలిసిపోయే ఉన్నాయి. డీగ్యాసింగ్‌తో పోయేది గ్యాస్ మాత్రమే.

రెండు సెల్స్‌ని, ఒకటి మామూలుదీ ఒకటి కోర్ దగ్గరిదీ, పూర్తిగా ఛార్జ్ చేసి గ్లవ్ బాక్స్‌లో విప్పాం. పూర్తిగా లిథియం నిండిన గ్రాఫైట్ బంగారు రంగులో ఉంటుంది. మామూలు సెల్ ఆనోడ్ అంచు నుంచి అంచు దాకా ఒకే బంగారు రంగు. కోర్ దగ్గరి సెల్‌లో అక్కడక్కడా రూపాయి బిళ్ల కంటే చిన్న ముదురు నీలి మచ్చలు, కొన్నింటి చుట్టూ బూడిద రంగు వెండి అంచు. నీలిగా ఉన్నచోట బుడగ కూర్చుని లిథియం సరిగా చేరలేదు. చుట్టూ ఉన్న అంచు మీదికి ఎక్కువ కరెంట్ పోయి, లిథియం గ్రాఫైట్‌లోకి దూరే తీరిక లేక పైనే లోహంగా పేరుకుంది. అదనపు గ్యాస్ అంతా సంచిలోకి పోలేదని దీన్నిబట్టి తెలిసింది. బిగింపు ఒత్తిడి 60 మిల్లీలీటర్ల గ్యాస్‌ని తోసేయడానికి సరిపోతుంది, 100ని కాదు.

ఈ మచ్చలు చూశాక ఆ సెల్స్‌ని ఆటో ప్యాక్‌లకు ఇవ్వకూడదని తేలిపోయింది. అయినా మొత్తం బ్యాచ్ పారేయాలా, కొంత ఉంచవచ్చా అన్నది తేల్చడానికి ఏజింగ్‌లో పెట్టాం. సాధారణంగా సెల్ వోల్టేజ్‌ని కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు కొలిచి, రోజుకి ఎన్ని మిల్లీవోల్ట్‌లు పడిపోతోందో చూస్తాం. దాన్ని కె విలువ అంటారు. ఎల్‌ఎఫ్‌పీలో ఒక చిక్కుంది. మధ్య ఛార్జ్‌లో వోల్టేజ్ గీత చదునుగా ఉంటుంది, సెల్ లోపల కారిపోతున్నా వోల్టేజ్ కదలదు. అందుకని ఛార్జ్ పది శాతం లోపు ఉంచి కొలవాలి, అక్కడ గీత ఏటవాలుగా ఉంటుంది. అలా కొలిస్తే కె విలువ కూడా సీరియల్ నంబర్ వెంట అదే రంపపు బొమ్మ గీసింది. రీల్ బయటి సగం నుంచి వచ్చిన సెల్స్ మామూలు సెల్స్‌తో కలిసిపోయాయి. వాటిని వదిలేశాం. లోపలి సగం నుంచి వచ్చినవాటిని కె విలువ ఎంత బాగున్నా పక్కన పెట్టాం, కొన్నింటిని 45 డిగ్రీల నిల్వ పరీక్షకు ఉంచుకుని మిగతావి డిశ్చార్జ్ చేసి రీసైక్లింగ్‌కి పంపాం. మంచి కె విలువ ఉన్నవాటిని కూడా ఎందుకని అడిగినవాళ్లకి ఆనోడ్ ఫొటో చూపించాను. అంచున పేరుకున్న లిథియం లోహం కె విలువలో కనిపించాల్సిన అవసరం లేదు.

నిల్వ పరీక్షలో 28 రోజులయ్యాక కొలిస్తే, మామూలు సెల్స్ కంటే ఈ సెల్స్ తిరిగి రాని సామర్థ్యాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు కోల్పోయాయి. ఫార్మేషన్ రోజున అర శాతం కూడా లేని తేడా ఇది.

కరెంట్ పెంచుదామన్న మాట

ఈ గొడవ మధ్యలో ఒక ప్రతిపాదన వచ్చింది. మొదటి అడుగు సి/20 బదులు సి/5 పెడితే నీరు విడిపోయే ప్రాంతం త్వరగా దాటేస్తాం, టైమ్ కూడా మిగులుతుంది కదా అని. నీటి విషయంలో ఇది పనిచేయదు. నీరు లోపలే ఉంటుంది, వోల్టేజ్ ఇంకా కిందికి దిగాక కూడా విడిపోతూనే ఉంటుంది. మారేదల్లా 2 వోల్ట్‌ల దగ్గరి గడ్డ చెదిరిపోయి, ఈసీ గడ్డలో కలిసిపోవడం. అంటే జబ్బు ఉంటుంది, గుర్తు పోతుంది. గ్యాస్ కూడా తక్కువ టైమ్‌లో ఎక్కువగా పుట్టి బుడగలు ఇంకా ఇరుక్కుంటాయి.

అలాగని నెమ్మది ఎప్పుడూ మంచిదే, వేగం ఎప్పుడూ చెడ్డదే అని నేను అనను. 2024లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్, స్లాక్, టొయోటా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఒక ఫలితం ప్రచురించారు. మొదటి ఛార్జ్‌ని చాలా ఎక్కువ కరెంట్‌తో ఇస్తే మొదట్లో పోయే లిథియం 9 శాతం నుంచి 30 శాతానికి పెరిగింది, అయినా సెల్ ఆయుష్షు సగటున 50 శాతం పెరిగింది. అలా ముందే లిథియం తీసేయడం వల్ల తర్వాతి సైకిల్స్‌లో క్యాథోడ్ బాగా అరిగిపోయే ప్రాంతంలోకి వెళ్లకుండా ఉంటుందని వాళ్ల వివరణ. కానీ ఆ లాభం క్యాథోడ్ రకాన్ని బట్టి, రెండు ఎలక్ట్రోడ్‌ల సమతూకాన్ని బట్టి వస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ గీత చదును, దాని అరుగుదల వేరు. ఆ రెసిపీని ఇక్కడికి అలాగే తెచ్చుకోవడానికి నాకు కారణం కనిపించలేదు. మేం సి/20నే ఉంచాం, కనీసం 2.8 వోల్ట్‌లు దాటేదాకా. ఆ తర్వాత సి/10, చివరికి సి/5. నెమ్మదిగా నడవాల్సింది ఆ మొదటి భాగంలోనే. 2.8 దాటేసరికి వీసీ, ఈసీ గడ్డలు అయిపోతాయి, పొరలో చాలా భాగం కట్టేసి ఉంటుంది.

ఇంకా ఒక పని మిగిలింది. ఆనోడ్ రీల్స్ కూడా అలాగే చుట్టి, అదే ఓవెన్‌లో ఆరబెడతాం. పైగా ఆనోడ్ పొడిని పట్టి ఉంచే బైండర్ నీళ్లలో కలిపేది, అందులోని సీఎంసీ అనే జిగురు తడిని వదలడానికి మొండికేస్తుంది. ఈ కేసులో ఆనోడ్ కోర్ ముక్కలు పరిమితి లోపలే వచ్చాయి. కానీ ఆ పరిమితి కూడా బయటి కొస ముక్కల మీదే నిర్ణయించినది. వచ్చే అక్టోబర్‌కి ముందు ఆనోడ్ రీల్ కోర్‌లో కూడా థర్మోకపుల్ పెట్టి చూస్తాం.